మందుల షాపులో ఏబీసీ లెక్క: పెట్టుబడి ఎక్కడ ఆగింది, శ్రద్ధ ఎక్కడ పెట్టాలి

క్లుప్తంగా: షాపులో ఉన్న సరుకంతటినీ అమ్మకం విలువ ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా పేర్చి, పైన తేలిన కొద్ది వస్తువుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టడాన్ని ఏబీసీ విశ్లేషణ అంటారు. పైన తేలిన వస్తువుల్ని ఎక్కువగా నింపుకోవాలని చాలామంది అర్థం చేసుకుంటారు. అసలు పద్ధతి దానికి తలకిందులుగా ఉంటుంది. వాటిని తక్కువ నిల్వతో, తరచుగా తెప్పించుకుంటూ నడపాలి. మందుల విషయానికి వచ్చేసరికి అమ్మకం లెక్క ఒక్కటే చాలదు. మందు ఎంత అత్యవసరమో చెప్పే రెండో లెక్క కూడా పక్కన ఉండాలి.

## లెక్క ఎక్కడ మొదలైంది

ఈ పద్ధతికి ఏబీసీ అన్న పేరు 1951లో ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన హెచ్. ఫోర్డ్ డిక్కీ, ఫ్యాక్టరీ స్టోర్లలోని వేలాది విడిభాగాలను వాటి మీద పెట్టే ఖర్చును బట్టి మూడు వర్గాలుగా విడదీయాలని ఒక పత్రికా వ్యాసంలో వివరించాడు. కొద్దిమంది చేతుల్లోనే ఎక్కువ సంపద ఉంటుందని ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పరెటో అంతకు యాభై ఏళ్ల ముందే గమనించాడు. నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్ ఆ గమనికను వ్యాపారంలోకి తెచ్చాడు. ఇరవై శాతం వస్తువులు ఎనభై శాతం డబ్బు తెస్తాయన్న మాట అలా పుట్టింది. అది సూత్రం కాదు, ఒక అంచనా మాత్రమే. ఏ షాపుకి ఎంత వస్తుందో ఆ షాపు బిల్లులే చెప్పాలి.

మనదేశంలో ఈ లెక్కను బాగా వాడుకున్నది ఆసుపత్రుల మందుల స్టోర్లు. చండీగఢ్‌లోని పెద్ద బోధనాసుపత్రి పీజీఐఎంఈఆర్ ఫార్మసీ 2007–08 సంవత్సరపు వాడకంపై చేసిన విశ్లేషణ 2010లో ప్రచురితమైంది. అక్కడ ఆ ఏడాది 421 రకాల మందులు, సామగ్రి ఇచ్చారు. వాటిలో 58 రకాలకే ఖర్చులో దాదాపు 70 శాతం పోయింది. తర్వాతి 92 రకాలకు 20 శాతం. మిగిలిన 271 రకాలకు కలిపి 10 శాతం. అంటే అరల్లో మూడింట రెండు వంతుల రకాలు కలిసి కూడా ఖర్చులో పదో వంతే.

## పది వస్తువులతో ఒక లెక్క

ఒక చిన్న పట్టణంలోని మందుల షాపు నుంచి పది వస్తువుల్ని తీసుకున్నామనుకుందాం. కింది ధరలు, అమ్మకాలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. ఏడాదిలో అమ్మిన సంఖ్యను ఒక్కొక్కదాని ధరతో గుణించి, వచ్చిన మొత్తాన్ని బట్టి వరుస పెట్టాలి. చివరి గడిలో పై నుంచి కూడుకుంటూ వచ్చిన శాతం ఉంటుంది.

| వస్తువు | ధర (రూ.) | ఏడాది అమ్మకం | విలువ (రూ.) | కూడిన శాతం |
|---|---|---|---|---|
| ఇన్సులిన్ కార్ట్రిడ్జ్ | 700 | 480 | 3,36,000 | 33.6 |
| షుగర్ మాత్రల స్ట్రిప్ | 120 | 1,800 | 2,16,000 | 55.2 |
| పసిపిల్లల పాలపొడి డబ్బా | 450 | 320 | 1,44,000 | 69.6 |
| పెద్దల డైపర్ల ప్యాకెట్ | 400 | 225 | 90,000 | 78.6 |
| బీపీ మాత్రల స్ట్రిప్ | 80 | 900 | 72,000 | 85.8 |
| గ్యాస్ మాత్రల స్ట్రిప్ | 100 | 500 | 50,000 | 90.8 |
| దగ్గు సిరప్ | 110 | 300 | 33,000 | 94.1 |
| పారాసిటమాల్ స్ట్రిప్ | 30 | 900 | 27,000 | 96.8 |
| ఓఆర్ఎస్ ప్యాకెట్ | 22 | 900 | 19,800 | 98.8 |
| ఇన్సులిన్ పెన్ సూది | 10 | 1,220 | 12,200 | 100 |

70 శాతం దాకా వచ్చిన మొదటి మూడూ ‘ఏ’ వర్గం. 90 శాతం దగ్గర ఆగే తర్వాతి మూడూ ‘బీ’. చివరి నాలుగూ ‘సీ’. ఈ 70, 90 గీతలు ఆనవాయితీగా వాడేవే తప్ప తప్పనిసరి కాదు. కొందరు 80, 95 దగ్గర గీస్తారు. పట్టికలో అంకెలు ఎక్కడ ఒక్కసారిగా పడిపోతున్నాయో చూసి అక్కడ గీత గీయడం ఇంకా మేలు. ఇన్సులిన్ నుంచి పాలపొడి దాకా ఒక్కో వస్తువు పెద్ద మెట్టు. ఆ తర్వాత మెట్లు చిన్నవైపోయాయి.

షాపులో నిజంగా 1,500 రకాలుంటే చేత్తో చేయనక్కర్లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వస్తువుల వారీ అమ్మకాల రిపోర్టును షీట్‌లోకి దించి, విలువ ఉన్న డీ నిలువు వరుసను పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేసి, పక్క గడిలో ఈ ఫార్ములా వేసి కిందికి లాగితే చాలు:

```
=SUM($D$2:D2)/SUM($D$2:$D$1501)
```

విలువ తీసుకునేటప్పుడు జీఎస్టీ లేని మొత్తాన్నే తీసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద పన్ను 12 శాతం నుంచి 5కి తగ్గింది. ఆ తేదీకి ముందూ తర్వాతా ఉన్న బిల్లుల్ని పన్నుతో కలిపి కూడితే పోలిక చెడిపోతుంది.

## పైనున్న వస్తువును తక్కువ ఎందుకు ఉంచాలి

బాగా అమ్ముడయ్యేది అయిపోతే కస్టమర్ పక్క షాపుకి వెళ్లిపోతాడన్న భయంతో దాన్నే ఎక్కువగా నింపడం చాలా షాపుల్లో కనిపిస్తుంది. పట్టిక చేతికి వచ్చాక కూడా ‘ఏ’ అంటే ఎక్కువ స్టాకు అని చదువుకుంటారు. దీనివల్ల పెట్టుబడి ఎక్కడ చిక్కుకుంటుందో ఇన్సులిన్ లెక్కలో స్పష్టంగా తెలుస్తుంది.

నెలకి 40 కార్ట్రిడ్జ్‌లు పోతాయి. కొన్న ధర 600 అనుకుంటే, నెలకి సరిపడా ఒకేసారి తెప్పిస్తే 24,000 రూపాయలు ఫ్రిజ్‌లో కూర్చుంటాయి. చాలా పట్టణాల్లో స్టాకిస్టు బండి వారంలో ఒకటి రెండు సార్లయినా వస్తుంది. కాబట్టి వారానికి కావలసిన పదీ, అనుకోకుండా ఎక్కువ పోయినా, బండి ఆలస్యమైనా ఆదుకోవడానికి అయిదూ, మొత్తం పదిహేను ఉంచితే సరిపోతుంది. అంటే 9,000 రూపాయలు. ఒక్క వస్తువు దగ్గరే 15,000 విడుదలయ్యాయి.

ఇప్పుడు పట్టిక కింది వైపు చూడాలి. నాలుగు ‘సీ’ వస్తువుల ఏడాది అమ్మకం కలిపి 92,000. రెండు నెలలకు సరిపోయే స్టాకు అమ్మకపు ధరలో 15,300, కొన్న ధరలో దాదాపు 12,000 రూపాయలు. ఇన్సులిన్ దగ్గర మిగిల్చిన డబ్బుతోనే ఆ నాలుగింటినీ రెండేసి నెలలకు నింపుకోవచ్చు, ఇంకొంచెం మిగులుతుంది కూడా. ఈ పద్ధతి అసలు పని ఇదే. ఖరీదైన చోట రోజువారీ శ్రద్ధతో నిల్వ తగ్గిస్తుంది. చవకైన చోట నిల్వ పెంచి శ్రద్ధను మిగులుస్తుంది. పారాసిటమాల్ కోసం వారం వారం ఆర్డరు రాసే మనిషి ఆ సమయాన్ని ఇన్సులిన్ లెక్క మీద పెట్టగలుగుతాడు.

ఇన్సులిన్‌ను తక్కువ ఉంచడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి. ఫ్రిజ్ పాడైనా, కరెంటు చాలాసేపు పోయినా నష్టం అప్పుడు ఎంత స్టాకు ఉంటే అంత.

అయితే తక్కువ నిల్వ అన్నది స్టాకిస్టు మీద ఆధారపడి నడిచేదే. బండి పదిహేను రోజులకోసారి వచ్చే ఊళ్లో వారం స్టాకు పెట్టుకుంటే రోగి ఖాళీ చేతులతో తిరిగి వెళ్తాడు. అలాంటి చోట రెండు రాకల మధ్య వ్యవధికి సరిపడా ఉంచి, దానిపైన ఆలస్యం కోసం అదనంగా కలుపుకోవాలి.

## పట్టిక తప్పు చూపే సందర్భాలు

అంకెలు సరిగ్గా ఉంటేనే వరుస సరిగ్గా ఉంటుంది. మందుల షాపుల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది యూనిట్ పొరపాటు. పదిహేను మాత్రల పారాసిటమాల్ స్ట్రిప్‌ను విడిగా కూడా అమ్ముతారు. సాఫ్ట్‌వేర్‌లో సంఖ్య మాత్రల లెక్కన, ధర స్ట్రిప్ లెక్కన ఎక్కితే 900 స్ట్రిప్‌లు 13,500 అయిపోతాయి. 30తో గుణిస్తే 4,05,000. పట్టికలో ఎనిమిదో స్థానంలో ఉండాల్సింది ఇన్సులిన్‌ను దాటి మొదటికి వచ్చేస్తుంది. అందుకే పట్టిక రాగానే మొదటి ఇరవై పేర్లను కౌంటర్‌లో కూర్చునే మనిషికి చూపించాలి. ఇది ఇక్కడుందేంటి అని అతనికి అనిపించిన ప్రతి పేరు దగ్గరా యూనిట్‌ను ముందు చూడాలి.

రెండోది, ఒకే మందు పలు బ్రాండ్ల పేర్లతో చీలిపోవడం. షుగర్‌కు ఇచ్చే గ్లిమెపిరైడ్–మెట్‌ఫార్మిన్ కాంబినేషన్ పదుల కంపెనీల పేర్లతో వస్తుంది. ఊళ్లో డాక్టర్లు తలా ఒక బ్రాండ్ రాస్తే ఆ అమ్మకం ఎనిమిది ముక్కలవుతుంది. ఒక్కో ముక్కా ‘సీ’లో పడుతుంది, కలిపి చూస్తే ‘ఏ’లో ఉండాలి. కాబట్టి బ్రాండ్ల వారీగా ఒక పట్టిక, లోపలి మందు వారీగా ఇంకో పట్టిక వేసుకోవాలి. మొదటిది ఏది ఆర్డర్ చేయాలో చెబుతుంది. రెండోది ఒకే మందు కోసం ఎన్ని బ్రాండ్లలో డబ్బు చెదిరిపోయిందో చూపిస్తుంది. సగం వాడిన స్టాకులు, దగ్గరపడిన ఎక్స్‌పైరీలు ఎక్కువగా పోగయ్యేది ఈ చీలికల్లోనే.

మూడోది బయటికి కనిపించదు కాబట్టి ఇంకా ప్రమాదకరం. పట్టిక అమ్మిన దాన్నే లెక్కపెడుతుంది, అడిగి దొరక్క వెళ్లిపోయినదాన్ని లెక్కపెట్టదు. 250 రూపాయల ఆస్తమా ఇన్‌హేలర్ ఏడాదిలో 60 పోయిందనుకుందాం. విలువ 15,000, అంటే ‘సీ’లో కింది వరుస. కానీ స్టాకు రిజిస్టర్ చూస్తే ఏడు నెలలపాటు అది షాపులోనే లేదు. ఉన్న అయిదు నెలల్లో నెలకి పన్నెండు చొప్పున పోయింది. ఏడాదంతా ఉండి ఉంటే 144, విలువ 36,000. దగ్గు సిరప్ కంటే పైన ఉండాల్సిన వస్తువన్నమాట. ఈ సవరణ చేయకపోతే అది ‘సీ’ అని దాని మీద శ్రద్ధ తగ్గిస్తారు, మళ్లీ అయిపోతుంది, వచ్చే ఏడాది ఇంకా కిందికి జారుతుంది. కొరత వల్ల ర్యాంకు పడిపోవడం, ర్యాంకు పడిపోయి కొరత పెరగడం ఒక చక్రంలా సాగుతుంది. దీన్ని విరిచే మార్గం సులువే. అమ్మకాన్ని పన్నెండు నెలలతో కాకుండా స్టాకు ఉన్న నెలలతో భాగించి, వచ్చిన దాన్ని ఏడాదికి లెక్కగట్టాలి. లేదని చెప్పి పంపిన మందుల పేర్లు కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే ఇంకా నమ్మకంగా తెలుస్తుంది.

## అమ్మకం వేరు, మిగిలేది వేరు

పైసలు ఎక్కువ తెచ్చే వస్తువు, లాభం ఎక్కువ మిగిల్చే వస్తువు ఒకటే కానక్కర్లేదు. పాలపొడి మీద షాపుకి 7 శాతం మిగులుతుందనుకుంటే 1,44,000 అమ్మకం మీద 10,080 రూపాయలు. గ్యాస్ మాత్రల మీద 20 శాతం అనుకుంటే 50,000 మీద 10,000. ‘ఏ’లో మూడో స్థానంలో ఉన్నదీ, ‘బీ’ చివర ఉన్నదీ షాపుకి ఇచ్చేది దాదాపు సమానం. పాలపొడి మాత్రం అందుకోసం మూడు రెట్ల సరుకును తిప్పించుకుంటుంది, అరలో చోటు కూడా ఎక్కువ తీసుకుంటుంది.

మందుల్లో ఈ తేడాకు చట్టం కూడా కొంత కారణం. ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు–2013 కింద అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటి గరిష్ఠ ధరను, రిటైలర్‌కు అందే ధరల సగటు మీద 16 శాతం కలిపి నిర్ణయిస్తారు. జాబితాలో లేని వాటికి, బేబీ ఫుడ్ లాంటివాటికి మార్జిన్లు వేరు. అందువల్ల ఒకే షాపులో మార్జిన్లు చాలా దూరంగా ఉంటాయి.

అలాగని అమ్మకం పట్టిక పక్కన పడేసి లాభం పట్టికను పట్టుకోవడం సరికాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పెట్టుబడి ఎక్కడ చిక్కుకుందో, ఎక్కడ లెక్క తప్పితే నష్టం పెద్దదో అమ్మకపు విలువ చెబుతుంది. ఏది అయిపోతే ఆదాయానికి దెబ్బో లాభం చెబుతుంది. ఆర్డరు పరిమాణం, లెక్కపెట్టే పని మొదటి పట్టిక ప్రకారం సాగాలి. అదనపు నిల్వ ఎంత ఉంచాలన్నది రెండో పట్టికను చూసి నిర్ణయించుకోవచ్చు.

## చవకైనా లేకుంటే కుదరనివి

పది వస్తువుల పట్టికలో అట్టడుగున పెన్ సూది ఉంది. పది రూపాయల వస్తువు, మొత్తం అమ్మకంలో 1.2 శాతం. ‘సీ’ కదా అని దాన్ని తీసేస్తే పై వరుసలోని ఇన్సులిన్ అమ్మకానికే ముప్పు. సూది లేని చోట కార్ట్రిడ్జ్ కొనడానికి ఎవరూ రారు, రెండూ దొరికే చోటికి వెళ్తారు. 200 సూదులు రెండు నెలలకు సరిపోతాయి. ఎనిమిదేసి రూపాయల చొప్పున కొన్నా 1,600. ఆ 1,600 మీద 3,36,000 అమ్మకం నిలబడి ఉంది. ‘సీ’ జాబితాను తొలగించాల్సిన జాబితాగా చదవకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఏ బిల్లుల్లో ఏవి కలిసి కనిపిస్తున్నాయో చూసి, ‘ఏ’ వస్తువుకు జతగా పోయేవాటికి విడిగా గుర్తు పెట్టుకోవాలి.

ఆసుపత్రుల్లో ప్రశ్న ఇంకా తీవ్రమైనది. తీవ్రమైన అలర్జీలో ప్రాణం నిలిపే అడ్రినలిన్ ఇంజెక్షన్ చాలా చవక, వాడకం కూడా తక్కువ. ఖర్చు పట్టికలో అది తప్పకుండా కిందే ఉంటుంది. అందుకే మన ఆసుపత్రుల్లో ఏబీసీతోపాటు వీఈడీ అనే రెండో లెక్క వేస్తారు. మందులను వైటల్ అంటే లేకపోతే ప్రాణం మీదికొచ్చేవి, ఎసెన్షియల్ అంటే అవసరమైనవి, డిజైరబుల్ అంటే ఉంటే మేలనేవి అని మూడుగా విడదీస్తారు. ఇక్కడ వర్గాన్ని బిల్లులు నిర్ణయించవు, డాక్టర్లు, ఫార్మసిస్టులు కూర్చుని నిర్ణయిస్తారు.

పీజీఐఎంఈఆర్ విశ్లేషణలో రెండు లెక్కల్నీ కలిపారు. ‘ఏ’లో ఉన్నవీ, ప్రాణావసరమైనవీ అన్నీ ఒక్క గుంపుగా చేర్చితే 421లో 93 రకాలు వచ్చాయి. ఖర్చులో వాటి వాటా 74.21 శాతం. ‘ఏ’ ఒక్కటే 58 రకాలు, 69.97 శాతం కదా. అంటే ప్రాణావసరమన్న కారణంతో కొత్తగా కలిసిన 35 రకాల వాటా నాలుగు శాతం చిల్లర మాత్రమే. అమ్మకం లేదా ఖర్చు పట్టికను ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ 35 రకాలూ ఎవరూ పట్టించుకోని వరుసల్లో ఉండిపోయేవి. వాటిని ఎప్పుడూ సిద్ధంగా ఉంచడానికి అయ్యే అదనపు ఖర్చు అంత తక్కువని కూడా ఈ అంకే చెబుతోంది.

పట్టణ షాపుకి ఇంత పెద్ద కసరత్తు అవసరం లేదు. ఇన్‌హేలర్లు, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు, ఫిట్స్ మందుల్లాంటి కొన్నింటి పేర్లు రాసుకుని, వాటి ర్యాంకు ఏదైనా సరే స్టాకు సున్నాకు చేరకుండా చూసుకుంటే చాలు.

## ఎన్నాళ్లకోసారి మార్చాలి

ఏడాది లెక్క సీజన్‌ను దాచేస్తుంది. ఓఆర్ఎస్ పట్టికలో తొమ్మిదోది. తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్, మే నెలల ఎండల్లో దాని పరిస్థితి వేరు. ఏడాదికి పోయే 900 ప్యాకెట్లలో సగం ఆ రెండు నెలల్లోనే పోతే నెలకి 225. మిగతా నెలల్లో 45. ‘సీ’కి రెండు నెలల స్టాకు అన్న నియమాన్ని ఏడాది సగటుతో పాటిస్తే 150 ప్యాకెట్లుంటాయి. మే నెలలో అవి మూడు వారాలు కూడా ఆగవు. వానాకాలం జ్వరాలప్పుడు పారాసిటమాల్‌ది కూడా ఇదే కథ. కాబట్టి మూడు నెలలకోసారి పట్టిక వేసి, గత ఏడాది అదే మూడు నెలలతో పక్కపక్కనే పెట్టి చూడాలి. కొత్తగా వచ్చిన మందుకు పాత లెక్క ఉండదు కాబట్టి మొదటి మూడు నెలలు దాన్ని ‘బీ’గా చూసుకోవడం మంచిది.

తరచుగా పట్టిక వేస్తే ఇంకో చిక్కు వస్తుంది. 70 శాతం గీత దగ్గరున్న వస్తువులు ఈసారి ‘ఏ’లోకి, వచ్చేసారి ‘బీ’లోకి మారుతూ ఉంటాయి. ప్రతిసారీ ఆర్డరు పద్ధతి మారిస్తే స్టాకిస్టుకూ షాపు కుర్రాళ్లకూ గందరగోళం. కిందికి దింపడానికి వరుసగా రెండు త్రైమాసికాలు ఆగి, పైకి ఎక్కించడం మాత్రం వెంటనే చేయాలి. ఖరీదైన సరుకు శ్రద్ధ లేకుండా మూడు నెలలు పడి ఉండటం కంటే, చవకైనదాన్ని మూడు నెలలు ఎక్కువగా గమనించడం తక్కువ ఖర్చు.

పద్ధతి పనిచేస్తోందా లేదా అన్నది మూడు చోట్ల తెలుస్తుంది. మొదటిది, సాఫ్ట్‌వేర్ చూపించే సంఖ్యకూ అరలో ఉన్న సంఖ్యకూ తేడా. 1,500 రకాల షాపులో పీజీఐఎంఈఆర్ నిష్పత్తే ఉంటే ‘ఏ’ వర్గం సుమారు 200 వస్తువులు. రోజుకు పదేసి లెక్కపెడితే ఇరవై రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. చుట్టు చుట్టుకీ తేడాలు తగ్గాలి. రెండోది, నోట్‌బుక్‌లో లేదని రాసుకున్న పేర్లలో ‘ఏ’ వస్తువులు, జత వస్తువులు ఎన్ని ఉన్నాయన్నది. మూడోది ఎక్స్‌పైరీ పెట్టె. అందులో ‘ఏ’ వర్గం మందులు కనిపిస్తే నిల్వ ఇంకా ఎక్కువగా ఉందని అర్థం. ‘సీ’ మందులు నిండిపోతుంటే రెండు నెలలన్నది కాస్తా ఆరు నెలలైపోయిందనో, బ్రాండ్ల చీలికను ఇంకా సరిచేయలేదనో తెలుసుకోవాలి.